గంటసేపు ప్రైమరీ డేటాబేస్‌ను లేవనివ్వని రీట్రై తుఫాను: పోస్ట్‌మార్టమ్ ఎలా రాయాలి

డేటాబేస్ పడిపోయింది, గంట తర్వాత లేచింది, మర్నాడు పోస్ట్‌మార్టమ్ రాయమని మీకు అప్పగించారు. డాక్యుమెంట్ తెరవగానే "మూలకారణం" అనే హెడింగ్ కనిపిస్తుంది. దాని కింద చాలామంది "మైగ్రేషన్ వల్ల లాక్ పడింది" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. విఫలమైన రిక్వెస్టులే మళ్లీ మళ్లీ వచ్చి పడి డేటాబేస్‌ను లేవనివ్వని ఈ రీట్రై తుఫానుల విషయంలో ఆ వాక్యం నిజమే అయినా దానివల్ల ఉపయోగం దాదాపు ఉండదు. లాక్ రెండు నిమిషాల్లో పోయింది, డేటాబేస్ మాత్రం గంట లేవలేదు. మిగతా యాభై ఎనిమిది నిమిషాలు ఎందుకు పోయాయో చెప్పని పోస్ట్‌మార్టమ్ వచ్చే నెల ఇంకో చిన్న కారణంతో ఇదే జరిగినప్పుడు ఎవరికీ అక్కరకు రాదు.

అందుకే ఈ మార్గదర్శిలో ఒకే దారం పట్టుకుని వెళ్తాను: మొదలుపెట్టింది ఏది, ఆగనివ్వకుండా నడిపించింది ఏది, ఈ రెంటినీ వేరు చేసి, రెండోదాన్ని అంకెలతో రుజువు చేయడం. లెక్కలు చేతికి దొరకాలి కాబట్టి ఒక నమూనా ఘటన పెట్టుకుందాం. ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు, సంఖ్యలు వివరణ కోసం నేను పెట్టినవి. కానీ ఇందులోని ప్రతి మలుపూ పోస్ట్‌గ్రెస్ నిజంగా ప్రవర్తించే తీరే.

నమూనా ఘటన

ఆర్డర్లు తీసుకునే వ్యవస్థ ఒకటి. ఫోన్లలో యాప్, దాని వెనుక గేట్‌వే, దాని వెనుక ఆర్డర్ సర్వీస్, చివర ఒక పోస్ట్‌గ్రెస్ ప్రైమరీ. మామూలుగా సెకనుకు 300 రిక్వెస్టులు వస్తాయి. లోడ్ టెస్టుల్లో డేటాబేస్ సెకనుకు 1,200 దాకా తట్టుకుంది, అంటే పనికి నాలుగింతల సత్తా ఉంది. సర్వీస్ 40 ఇన్‌స్టెన్సులు, ఒక్కోదాని పూల్‌లో 15 కనెక్షన్లు, `max_connections` విలువ 800.

ఉదయం 11:02కి `orders` టేబుల్‌కు ఒక కాలమ్ చేర్చే మైగ్రేషన్ మొదలైంది. కాలమ్ చేర్చడం క్షణం పని. కానీ దానికి టేబుల్ మీద `ACCESS EXCLUSIVE` లాక్ కావాలి, అదే టేబుల్‌ను చదువుతున్న ఒక రిపోర్టు ట్రాన్సాక్షన్ అప్పటికి తెరిచే ఉంది. మైగ్రేషన్ ఆ రిపోర్టు కోసం ఆగింది, ఆ తర్వాత వచ్చిన ప్రతి సెలెక్ట్, ప్రతి ఇన్‌సర్ట్ మైగ్రేషన్ వెనుక క్యూ కట్టాయి. 11:04కి డీబీఏ మైగ్రేషన్‌ను రద్దు చేశారు. లాక్ పోయింది. సర్వీస్ మాత్రం 12:05 దాకా మామూలు స్థితికి రాలేదు.

మొదటి అడుగు: ఆధారాలు మాయం కాకముందే దాచండి

రాయడం తర్వాత, ముందు ఏరుకోవడం. ఈ రకం ఘటనలో ఆధారాలు మామూలు కంటే తొందరగా పోతాయి. `pg_stat_activity` అప్పటికప్పటి దృశ్యమే చూపిస్తుంది, దానికి చరిత్ర ఉండదు. పోస్ట్‌గ్రెస్ క్రాష్ అయి రికవరీతో లేస్తే గణాంకాల కౌంటర్లు సున్నా అవుతాయి, `pg_stat_statements` కూడా శుభ్రంగా ఆపినప్పుడే డిస్కు మీదకి రాసుకుంటుంది కాబట్టి అదీ పోతుంది. ఇక తుఫాను సమయంలో లాగ్ ఫైళ్లు మామూలుకు ఎన్నో రెట్లు పెరుగుతాయి, లాగ్ రొటేషన్ పరిమాణం బట్టి ఉంటే మీకు కావలసిన మొదటి పది నిమిషాలే ముందు చెరిగిపోతాయి. కాబట్టి సర్వీస్ లేచిన గంటలోపే డేటాబేస్ లాగ్, పూల్ లాగ్, గేట్‌వే యాక్సెస్ లాగ్, మూడూ వేరే చోటికి కాపీ చేయండి.

ఎక్కువమంది మరిచిపోయేది ఒకటుంది: ఆ గంటలో అమల్లో ఉన్న రీట్రై సెట్టింగులు. ఘటన మధ్యలో ఎవరో వాటిని మార్చి ఉంటారు. అందుకని రిపోలో ఇవాళ ఉన్నవి కాదు, 11:02కి నడుస్తున్న డిప్లాయ్‌లో ఉన్నవి కావాలి. సర్వీస్ మెష్ వాడుతుంటే దానిలోనూ రీట్రైలు ఉండొచ్చు, హెచ్‌టీటీపీ లైబ్రరీ డిఫాల్టుగా చేసేవి ఉండొచ్చు, యాప్ పాత వెర్షన్లలో వేరే సంఖ్య ఉండొచ్చు. అన్నీ రాసిపెట్టుకోండి, తర్వాత గుణకారానికి ఇవే ముడిసరుకు.

ఇంకా ఘటన నడుస్తుండగానే ఇది చదువుతుంటే, ఈ క్వెరీని పది సెకన్లకోసారి నడిపి ఫైలులోకి పంపండి:

```sql
SELECT now(), state, wait_event_type,
       wait_event, count(*)
FROM pg_stat_activity
WHERE backend_type = 'client backend'
GROUP BY 2, 3, 4
ORDER BY 5 DESC;
```

ముందు `wait_event_type` కింద `Lock` వరుసలు నిండుగా ఉండి, తర్వాత అవి తగ్గిపోయినా మొత్తం కనెక్షన్లు మాత్రం గరిష్ఠ పరిమితి దగ్గరే నిలబడి ఉంటే, మొదలుపెట్టిన కారణం పోయి ఇంకేదో నడుస్తోందనడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

రెండో అడుగు: నష్టాన్ని వాడుకరి వైపు నుంచి రాయండి

మొదటి పేరాలో డేటాబేస్ ఊసు తక్కువుండాలి. 11:02 నుంచి 12:05 వరకు, 63 నిమిషాలు, ఆర్డర్ పెట్టబోయినవారిలో ఎంతమందికి కుదరలేదు, అది రాయండి. ఇక్కడ ఒక చిక్కుంది. గేట్‌వే లాగ్‌లో విఫలమైన రిక్వెస్టులు లెక్కపెడితే ఒకే మనిషి పదిసార్లు లెక్కలోకి వస్తాడు. రిక్వెస్ట్ ఐడీ కాదు, యాప్ ఒక్కో ఆర్డర్ ప్రయత్నానికి పుట్టించే ఐడెంపొటెన్సీ కీ ఉంటే దాన్ని బట్టి వేరువేరుగా లెక్కపెట్టాలి. అది లేకపోతే యూజర్ ఐడీ బట్టి.

రెండో నష్టం కనిపించకుండా ఉంటుంది: డబుల్ ఆర్డర్లు. క్లయింటు రెండు సెకన్లు చూసి కనెక్షన్ తెంచుకుని వెళ్లిపోయినా, లాక్ కోసం ఎదురుచూస్తున్న పోస్ట్‌గ్రెస్ బ్యాకెండ్‌కు ఆ సంగతి మామూలుగా తెలియదు. లాక్ దొరకగానే అది తన ఇన్‌సర్ట్ చేసేస్తుంది. ఆటోకమిట్‌లో ఉంటే కమిట్ కూడా అయిపోతుంది, జవాబు రాయబోయినప్పుడు గానీ అవతల ఎవరూ లేరని తెలియదు. అటు రీట్రై ఇంకో ఇన్‌సర్ట్ చేసి ఉంటుంది. కీ మీద యూనిక్ ఇండెక్స్ లేకపోతే 11:04 తర్వాతి నిమిషాల్లో ఒకే యూజర్, ఒకే మొత్తం, కొన్ని సెకన్ల తేడాతో పడిన జంట వరుసలు వెతకండి. డబ్బు రెండుసార్లు పోయిన మనిషికి గంట డౌన్‌టైమ్ కంటే ఇదే పెద్ద విషయం, పోస్ట్‌మార్టమ్‌లో దీన్ని ఫుట్‌నోట్ చేయకండి.

మూడో అడుగు: టైమ్‌లైన్

ముందు గడియారాలు కలపండి. లాగులు సాధారణంగా యూటీసీలో, చాట్ మన సమయంలో ఉంటాయి. తేడా ఐదున్నర గంటలు కాబట్టి నిమిషాలు కూడా మారిపోతాయి: మన 11:04 అక్కడ 05:34. పూర్తి గంటల తేడా అయితే నిమిషాలు చూసి పోల్చేయొచ్చు, మనకు ఆ సౌలభ్యం లేదు. అన్నిటినీ ఒకే సమయంలోకి మార్చి, పైన ఆ విషయం రాసేయండి.

మన ఘటన టైమ్‌లైన్ ఇలా వస్తుంది:

| సమయం | జరిగింది |
|---|---|
| 11:02 | మైగ్రేషన్ లాక్ కోసం ఆగింది, క్యూ మొదలైంది |
| 11:03 | సర్వీస్ వదిలేసిన కనెక్షన్లు కూడా లాక్ దగ్గరే నిలిచిపోయి మొత్తం 800కు చేరాయి, తిరస్కరణలు మొదలు |
| 11:04 | మైగ్రేషన్ రద్దు, లాక్ లేదు |
| 11:17 | ప్రైమరీ రీస్టార్ట్, 11:19కి లేచి నిమిషంలోపే మళ్లీ నిండింది |
| 11:29 | మెమరీ చాలక కెర్నెల్ ఒక బ్యాకెండ్‌ను చంపింది, మొత్తం క్రాష్ రికవరీలోకి వెళ్లింది |
| 11:35 | గేట్‌వే దగ్గర ట్రాఫిక్ ఆపారు |
| 11:38 | 25 శాతం తెరిచారు, 11:40కి మళ్లీ పడింది |
| 11:48 | పూర్తిగా మూశారు, గేట్‌వే, సర్వీస్ రీట్రైలు తీసేశారు |
| 11:52 | 10 శాతం, తర్వాత 25, 50 |
| 12:05 | పూర్తి ట్రాఫిక్ |

పట్టిక ఒక్కటే చాలదు. ప్రతి నిర్ణయం పక్కన, ఆ క్షణంలో వాళ్ల స్క్రీన్ మీద ఏముందో రాయాలి. 11:04 నుంచి 11:17 దాకా పదమూడు నిమిషాలు ఎలా గడిచాయి? లాక్ పోయింది కాబట్టి ఇప్పుడో ఇంకాసేపట్లోనో తేరుకుంటుందని అందరూ గ్రాఫులు చూస్తూ ఉన్నారు, ఎందుకంటే డ్యాష్‌బోర్డులో డేటాబేస్ గ్రాఫులే ఉన్నాయి, రీట్రైల గ్రాఫు లేదు. ఈ వాక్యం రాస్తేనే తర్వాత "రీట్రై నిష్పత్తి గ్రాఫు పెట్టాలి" అన్న పనికి అర్థం ఉంటుంది. ఇక పేర్లు వద్దు, డీబీఏ, ఆన్‌కాల్ ఇంజనీర్, గేట్‌వే టీమ్ అని పాత్రలు చాలు. "ఆ మైగ్రేషన్ నడిపింది ఎవరు" అన్న ప్రశ్న మీటింగులో తప్పకుండా వస్తుంది. రెండు నిమిషాల లాక్‌కు గంట చచ్చిపోయే వ్యవస్థలో ఆ రోజు మైగ్రేషన్ కాకపోతే ఇంకోటి ఆ పని చేసేది అని టైమ్‌లైన్ తనంతట తానే చెప్పేలా రాయండి.

నాలుగో అడుగు: మొదలుపెట్టింది, నడిపించింది

ఇక్కడ రెండు వేరు హెడింగులు పెట్టండి. ఒకటి "ట్రిగ్గర్": లాక్ క్యూ, 11:02 నుంచి 11:04. రెండోది "పట్టి ఉంచిన చక్రం": వైఫల్యం రీట్రైలను, రీట్రైలు మళ్లీ వైఫల్యాన్ని పుట్టించడం, 11:03 నుంచి 11:48. రెంటికీ సమయాలు వేయడం తప్పనిసరి, ఎందుకంటే ట్రిగ్గర్ పోయాక కూడా చక్రం తిరుగుతోందని పాఠకుడికి కనిపించాల్సింది ఆ సమయాల్లోనే. ఈ రకం స్థితికి పరిశోధకులు 2021లో మెటాస్టేబుల్ ఫెయిల్యూర్ అని పేరు పెట్టారు: అదే లోడ్, అదే హార్డ్‌వేర్, కానీ వ్యవస్థకు నిలకడగా ఉండగలిగే స్థితులు రెండు, ఒకటి ఆరోగ్యంగా, ఒకటి పడిపోయి. తోపు పడితే మొదటిదాన్నుంచి రెండోదానిలోకి జారుతుంది, తోపు తీసేసినా వెనక్కి రాదు.

దీనికి బాగా తెలిసిన నిజమైన ఉదాహరణ 2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్ దాదాపు రెండున్నర గంటలు అందకుండా పోవడం. ఒక కాన్ఫిగరేషన్ విలువను మార్చారు, కొత్త విలువ చెల్లదని క్లయింట్లు భావించాయి. క్యాష్‌లో చెల్లని విలువ కనిపిస్తే డేటాబేస్ నుంచి సరైనది తెచ్చుకుని దిద్దుకునేలా ఒక ఆటోమేటిక్ వ్యవస్థ ఉంది, కాబట్టి క్లయింట్లన్నీ ఒక్కసారిగా డేటాబేస్ క్లస్టర్ మీద పడ్డాయి, సెకనుకు లక్షల క్వెరీలు. అసలు దెబ్బ తర్వాతది: డేటాబేస్ ఎర్రర్ ఇస్తే క్లయింటు దాన్ని కూడా చెల్లని విలువగానే తీసుకుని క్యాష్ కీని చెరిపేసేది. అంటే ప్రతి వైఫల్యమూ ఇంకో క్వెరీని పుట్టించేది. మొదటి తప్పు సరిదిద్దాక కూడా ఆ ధార ఆగలేదు. చివరికి ఆ క్లస్టర్‌కు ట్రాఫిక్ మొత్తం ఆపేశారు, అంటే సైటునే ఆపేశారు, డేటాబేస్‌లు కోలుకున్నాక జనాన్ని మెల్లగా లోపలికి రానిచ్చారు. అప్పుడు వాళ్లు బయటపెట్టిన వివరణ చదివితే అందులో బరువంతా ఆ చక్రం మీదే ఉంటుంది, ఆ కాన్ఫిగరేషన్ విలువ మీద కాదు. మీ పోస్ట్‌మార్టమ్‌లోనూ బరువు అక్కడే పడాలి.

ఐదో అడుగు: చక్రాన్ని గుణకారంతో చూపించండి

మన ఘటనలో 11:02 నాటి సెట్టింగులు ఇవి:

| పొర | మొత్తం ప్రయత్నాలు | ఒక్కో ప్రయత్నానికి టైమవుట్ |
|---|---|---|
| యాప్ | 3 | 10 సెకన్లు |
| గేట్‌వే | 3 | 5 సెకన్లు |
| ఆర్డర్ సర్వీస్ | 3 | 2 సెకన్లు |

ఒక్కో టీమ్ తన వరకు మూడే అనుకుంది. కానీ అన్నీ విఫలమవుతున్నప్పుడు ఇవి కూడవు, గుణించుకుంటాయి: 3 × 3 × 3 = 27. ఒక మనిషి ఒకసారి నొక్కితే డేటాబేస్ తలుపు దగ్గరకు 27 సార్లు. టైమవుట్లు కూడా ఒకదానికొకటి పొసగవు, సర్వీసుకు మూడు ప్రయత్నాలకు 6 సెకన్లు కావాలి, గేట్‌వే 5కే విసిగి కొత్తది పంపుతుంది, పైవాడు వదిలేసినట్టు కిందవాడికి ఎవరూ చెప్పరు. కాబట్టి సర్వీస్ చేసే మూడో ప్రయత్నం ఐదో సెకను దాటితే ఎవరికీ అక్కర్లేని పని, డేటాబేస్ దానికీ శ్రమ పడుతుంది.

సెకనుకు 300 మంది వస్తుంటే పైకప్పు 300 × 27 = 8,100. ఇది లెక్క, కొలత కాదు, పోస్ట్‌మార్టమ్‌లో ఆ మాట స్పష్టంగా రాయండి. కొలత లాగ్‌లో ఉంటుంది. `log_line_prefix` సమయంతో మొదలైతే నిమిషానికి ఎన్ని తిరస్కరణలో ఇలా వస్తుంది:

```sh
grep -F -e 'sorry, too many clients' \
  -e 'remaining connection slots' postgresql.log \
  | cut -c1-16 | sort | uniq -c
```

నమూనాలో 11:10 ప్రాంతంలో నిమిషానికి 1,44,000 వచ్చాయనుకుందాం, అంటే సెకనుకు 2,400. అదే నిమిషంలో గేట్‌వే దగ్గర వేరువేరు కీలు సెకనుకు 280. భాగిస్తే 8.6. ప్రతి కొత్త నొక్కుడుకు సుమారు తొమ్మిది తలుపు తట్టుళ్లు. 27 ఎందుకు రాలేదంటే కొందరు యాప్ మూసేశారు, కొన్ని ప్రయత్నాలు పూల్ క్యూలోనే చచ్చాయి. లెక్క, కొలత రెండూ పక్కపక్కన పెట్టి తేడాకు కారణం రాస్తే చదివేవాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది. ఒక్క 27నే పెద్దక్షరాల్లో పెడితే ఎవరో ఒకరు లాగ్ చూసి మొత్తం డాక్యుమెంట్‌నే అనుమానిస్తారు.

తిరస్కరించడం ఉచితం కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కు ఒక ప్రాసెస్. "చోటు లేదు" అని చెప్పడానికి కూడా ముందు ప్రాసెస్ పుట్టాలి, టీఎల్‌ఎస్ ఉంటే ఆ హ్యాండ్‌షేక్ జరగాలి. పూల్ ఉన్నప్పుడు మామూలు రోజుల్లో కొత్త కనెక్షన్లు ఎప్పుడో ఒకటి వస్తాయి, ఇప్పుడు సెకనుకు వేలల్లో. సీపీయూ వాటికే పోతుంది. ఆ ఎర్రర్ మిల్లీసెకన్లలో వస్తుంది కాబట్టి ఆగకుండా వెంటనే మళ్లీ ప్రయత్నించే సర్వీస్, నెమ్మదిగా విఫలమైనప్పటి కంటే వేగంగా కొట్టడం మొదలుపెడుతుంది. సూపర్‌యూజర్ కోసం దాచిన మూడు స్లాట్లు కూడా ఈ హోరులో నమ్మకం కావు, మామూలు క్లయింట్లు పాస్‌వర్డ్ తనిఖీ అయ్యేదాకా వాటిలో కాసేపు కూర్చుంటాయి, అందుకే డీబీఏ `psql` కూడా కొన్నిసార్లు లోపలికి పోదు.

ఆరో అడుగు: రీస్టార్ట్ ఎందుకు పనిచేయలేదో రాయండి

ఇది పోస్ట్‌మార్టమ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం, ఎందుకంటే మళ్లీ ఇలా జరిగిన రోజు ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ల చేయి మొదట పోయేది రీస్టార్ట్ మీదకే.

రీస్టార్ట్ తర్వాత పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లు ఖాళీ. ప్రతి క్వెరీ పేజీలను కింద నుంచి తెచ్చుకోవాలి. మన ఘటనలో 11:19కి లేచాక మొదటి కొన్ని సెకన్లలో సర్వీస్ లాగ్‌లో విజయవంతమైన ఆర్డర్లు గరిష్ఠంగా సెకనుకు 300 కనిపించాయి. 1,200 తట్టుకునే డేటాబేస్ సత్తా చల్లగా ఉన్నప్పుడు, కనెక్షన్ల వాన మధ్య, 300కు పడిపోయింది. ఇప్పుడు చక్రం షరతు ఒక వరుసలో రాయొచ్చు:

```text
λ × N > C
```

λ సెకనుకు వచ్చే కొత్త రిక్వెస్టులు, N అన్నీ విఫలమైతే ఒక్కోదానికి జరిగే ప్రయత్నాలు, C ఆ క్షణంలో డేటాబేస్ నిజంగా చేయగలిగే పని. ఎడమవైపు పెద్దదిగా ఉన్నంతసేపూ అది తనంతట లేవదు. బయటపడాలంటే λ విలువ C/N కంటే తక్కువకు రావాలి: 300/27, అంటే సుమారు 11. మామూలు ట్రాఫిక్‌లో 4 శాతం కూడా కాదు.

ఇప్పుడు 11:38కి జరిగింది అర్థమవుతుంది. 25 శాతం అంటే సెకనుకు 75, ఎంతో జాగ్రత్తగా తెరిచినట్టే అనిపిస్తుంది. కానీ రీట్రైలు అలాగే ఉన్నాయి. 75 × 27 = 2,025, సత్తా 300, రెండు నిమిషాల్లో పడింది. 11:48కి గేట్‌వే, సర్వీస్ రీట్రైలు తీసేశాక మిగిలింది యాప్ చేసే మూడు. అవి ఫోన్లలో ఉన్నాయి, అప్పటికప్పుడు మార్చలేం. 10 శాతం అంటే 30 × 3 = 90, నిలబడింది. 25 శాతం, 75 × 3 = 225, అదీ 300 లోపే. ఈలోగా బఫర్లు వేడెక్కి C పెరుగుతూ వచ్చింది కాబట్టి 50 శాతం దగ్గర 450 అయినా ఇబ్బంది రాలేదు. ముందు రీట్రైలు తీయడం, తర్వాతే తలుపు తెరవడం: ఈ క్రమం ఎందుకో ఈ నాలుగు అంకెలే చెబుతాయి, రన్‌బుక్‌లోకి ఇదే క్రమం, ఇవే లెక్కలు ఎక్కించండి.

ఈ షరతుకు ఒక పరిమితి ఉంది, అదీ రాయాలి. N అంటే అన్నీ విఫలమైనప్పటి సంఖ్య. వందలో ఒకటి మాత్రమే విఫలమవుతుంటే ఒక్కో రిక్వెస్టుకు ప్రయత్నాలు ఒకటి దగ్గరే ఉంటాయి, అందుకే ఏడాది పాటు ఈ 27 ఎవరి కంటా పడలేదు. మనుషులు తామే మళ్లీ మళ్లీ నొక్కడం N లోకి రాదు, అది λ లోకి వస్తుంది.

ఏడో అడుగు: పనుల జాబితా, చక్రాన్ని తెంచేవి ముందు

ప్రతి పని పక్కన అది ట్రిగ్గర్‌ను ఆపుతుందా, చక్రాన్ని తెంచుతుందా, కోలుకోవడాన్ని తొందర చేస్తుందా అని ఒక మాట రాయండి. జాబితా అంతా మొదటి రకమే అయితే పోస్ట్‌మార్టమ్ ఇంకా పూర్తి కానట్టే.

ట్రిగ్గర్ వైపు పని సులువు, రెండు వరుసలు. లాక్ రెండు సెకన్లలో దొరకకపోతే మైగ్రేషనే వెనక్కి తగ్గాలి:

```sql
SET lock_timeout = '2s';
ALTER TABLE orders ADD COLUMN delivery_note text;
```

చక్రం వైపు మొదటి ప్రతిపాదన మీటింగులో దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్, జిట్టర్ పెడదాం." పెట్టండి, కానీ అది ఏం చేయదో కూడా రాయండి. జిట్టర్ అందరూ ఒకే క్షణంలో పడకుండా చెదరగొడుతుంది, రీస్టార్ట్ తర్వాతి మొదటి సెకనులో అది నిజంగా అవసరం. బ్యాకాఫ్ ప్రయత్నాలను వెనక్కి జరుపుతుంది, వాటి సంఖ్య తగ్గించదు. కొత్తవాళ్లు ఆగకుండా వస్తూనే ఉంటే, ఒక నిమిషం క్రితం వచ్చినవాళ్ల వాయిదా పడిన ప్రయత్నాలు ఇప్పుడు వస్తాయి, ఇప్పటివి నిమిషం తర్వాత వస్తాయి, సెకనుకు సగటు మళ్లీ λ × N దగ్గరే తేలుతుంది. రెండు నిమిషాల లాక్‌ను దాటడానికి బ్యాకాఫ్ సాయపడొచ్చు, గంట చక్రాన్ని అది ఒక్కటే తెంచలేదు.

N తగ్గాలి. దానికి రెండు మార్పులు. ఒకటి, రీట్రై ఒకే పొరలో ఉండాలి. మనం గేట్‌వేను ఎంచుకుందాం, సర్వీస్‌లో రీట్రై పూర్తిగా తీసేద్దాం. రెండు, గేట్‌వే రీట్రైలకు బడ్జెట్ పెట్టాలి: ప్రతి కొత్త రిక్వెస్టుకు ఖాతాలో 0.1 టోకెన్ పడుతుంది, ఖాతాలో నిల్వకు చిన్న పరిమితి ఉంటుంది, ప్రతి రీట్రైకి ఒక టోకెన్ ఖర్చు, ఖాతా ఖాళీ అయితే రీట్రై లేదు, ఎర్రర్ నేరుగా పైకి. మామూలు రోజున అక్కడొకటి ఇక్కడొకటి విఫలమైతే రీట్రై ఎప్పటిలాగే ఆదుకుంటుంది, అన్నీ విఫలమైన రోజున N లో గేట్‌వే వాటా 1.1 దగ్గరే ఆగుతుంది.

లెక్క మళ్లీ వేయండి. పాత యాప్ ఫోన్లలో నెలల తరబడి ఉంటుంది, దాని 3 తప్పదు. 300 × 3 × 1.1 = 990. బఫర్లు వెచ్చగా ఉన్న డేటాబేస్ సత్తా 1,200, కాబట్టి లాక్ పోగానే తనంతట తేరుకోవాలి, అంచు మీదే అయినా. కానీ రీస్టార్ట్ తర్వాతి చల్లని 300కు ఇది చాలదు. అందుకే గేట్‌వే దగ్గర లోడ్‌ను దులిపేసే స్విచ్ విడిగా కావాలి, ఫలానా శాతాన్ని డేటాబేస్ దాకా రానివ్వకుండా 503 ఇచ్చి పంపేది, డిప్లాయ్ అవసరం లేకుండా మార్చగలిగేది. కొత్త యాప్‌లో 503తో వచ్చే `Retry-After` హెడర్‌ను గౌరవించే కోడ్ ఉండాలి. ఇలా "ఇది ఇంతవరకే పనికొస్తుంది" అని అంకెతో రాసిన పని, మూడు నెలల తర్వాత ప్రాధాన్యాల గొడవలో కొట్టుకుపోకుండా నిలబడుతుంది.

మూడోది, చచ్చిన పనిని డేటాబేస్ మోయకుండా చూడటం. సర్వీస్ 2 సెకన్లకు వదిలేస్తుంటే డేటాబేస్ అంతకంటే కాస్త ముందే ఆపేయాలి. ఈ టైమవుట్‌లో లాక్ కోసం ఎదురుచూసే సమయం కూడా కలుస్తుంది, కాబట్టి అనాథ ఇన్‌సర్టుల సమస్య కూడా చాలావరకు తగ్గుతుంది, యూనిక్ ఇండెక్స్ మాత్రం ఎలాగూ కావాలి:

```sql
ALTER ROLE app_user
  SET statement_timeout = '1800ms';
```

రిపోర్టులు వేరే రోల్‌తో నడవాలి, లేకపోతే ఇది వాటినీ కోసేస్తుంది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి `client_connection_check_interval` కూడా ఉంది, క్వెరీ నడుస్తుండగా క్లయింటు ఉన్నాడో లేడో చూస్తుంది, డిఫాల్టుగా ఆపి ఉంటుంది. ముందు పీజీబౌన్సర్ లాంటి పూలర్ పెట్టుకుంటే కనెక్షన్ల వాన అక్కడే ఆగుతుంది, `PAUSE`, `RESUME` చేతికి వస్తాయి. కానీ దాని క్యూలో క్లయింట్లను ఎదురుచూడనిచ్చే `query_wait_timeout` డిఫాల్టుగా 120 సెకన్లు. 2 సెకన్లకే వెళ్లిపోయే క్లయింట్లకు దాన్నీ కిందికి తేవాలి.

ఎనిమిదో అడుగు: పని అయిందని ఎలా తేలుస్తారో ముందే రాయండి

"రీట్రై బడ్జెట్ పెట్టాం" అన్నది ముగింపు కాదు. స్టేజింగ్‌లో అదే తోపు మళ్లీ ఇచ్చి చూడాలి. సెకనుకు 300 కొత్త రిక్వెస్టులు పంపే లోడ్ జనరేటర్ పెట్టండి. అది జవాబు కోసం ఆగకుండా లెక్క ప్రకారం పంపుతూనే ఉండాలి, ఎందుకంటే జవాబు వచ్చాకే తర్వాతది పంపే రకం టెస్టులో డేటాబేస్ నెమ్మదించగానే లోడ్ కూడా తగ్గిపోయి చక్రం ఎప్పటికీ కనిపించదు. యాప్ చేసే మూడు ప్రయత్నాలను కూడా జనరేటర్ అనుకరించాలి. `app_user` కాని వేరే రోల్‌తో ఒక సెషన్‌లో టేబుల్‌ను రెండు నిమిషాలు పట్టి ఉంచండి:

```sql
BEGIN;
LOCK TABLE orders IN ACCESS EXCLUSIVE MODE;
SELECT pg_sleep(120);
ROLLBACK;
```

ముందు పాత సెట్టింగులతో నడపండి. లాక్ పోయాక కూడా పడే ఉంటే మీ విశ్లేషణ నిలిచింది. తనంతట లేస్తే మీరు కనిపెట్టిన చక్రం పూర్తి చక్రం కాదు, ఐదో అడుగుకు వెనక్కి వెళ్లాలి, ఇంకా ఏదో పొర లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత కొత్త సెట్టింగులతో, ఎవరూ ఏమీ ముట్టుకోకుండా, లాక్ పోయిన ఒక నిమిషంలోపు విజయాలు మళ్లీ సెకనుకు 300కు రావాలి. ఆ రెండు రన్‌ల గ్రాఫులు డాక్యుమెంట్‌లో చేర్చాక పోస్ట్‌మార్టమ్‌ను మూసేయొచ్చు.